మూడో ప్రతివాది లేని కేసు: బీమా తీరిపోయిన బండి, చిన్న ప్రమాదం

క్లుప్తంగా: బీమా లేకుండా బండి నడిపితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. అయితే అసలు భారం ఈ జరిమానా కాదు. ఎవరికైనా ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది చిన్న ప్రమాదం కాదు. బీమా కంపెనీ కట్టాల్సిన పరిహారం బండి నడిపినవాళ్ల మీద, ఆర్‌సీలో పేరున్నవాళ్ల మీద నేరుగా పడుతుంది. దానికి పరిమితి లేదు. ఆస్తి జప్తు చేసైనా వసూలు చేయొచ్చు.

గోదావరి డెల్టాలో కాలువ గట్టు రోడ్ల మీద జరిగే ప్రమాదాల్లో ఎక్కువ భాగం చూడటానికి చిన్నవే. సార్వా కోతలప్పుడు రోడ్డులో సగం ధాన్యం ఆరబోసి ఉంటుంది. మిగిలిన సగంలోనే ట్రాక్టరు, కొబ్బరికాయల ఆటో, సైకిలు, మోటార్ సైకిలు ఒకదాన్నొకటి తప్పుకోవాలి. హ్యాండిల్ తగులుతుంది, సైకిల్ మీద మనిషి పడతాడు. దులుపుకుని లేస్తే ఎవరి దారి వాళ్లది. లేవలేకపోతే ఆసుపత్రికి తీసుకెళతారు. ఆ తరువాత జరిగే ప్రతిదీ బండికి ఆ రోజు బీమా ఉందా లేదా అన్నదాని మీదే తిరుగుతుంది.

పరిహారం కోసం, ప్రమాద కేసులు విచారించే ట్రిబ్యునల్‌లో వేసే పిటిషన్‌లో మామూలుగా ముగ్గురు ప్రతివాదులు ఉంటారు. బండి నడిపినవారు, బండి యజమాని, బీమా కంపెనీ. మొదటి ఇద్దరి పేర్లు కాగితం మీద ఉన్నా డబ్బు కట్టేది, లాయరును పెట్టుకుని వాదించేది చాలా కేసుల్లో మూడో ప్రతివాదే. బీమా లేకపోతే ఆ మూడో పేరు ఉండదు. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ ఖాళీ వల్ల వచ్చేదే.

బీమా ఎలా తీరిపోతుంది

కావాలని బీమా మానేసేవాళ్ల కంటే తీరిపోయిందని గమనించనివాళ్లే ఎక్కువగా చిక్కుకుంటారు. దీనికి ఒక కారణం కొత్త బండ్ల బీమా పద్ధతిలోనే ఉంది. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త మోటార్ సైకిల్‌కు అయిదేళ్ల, కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా, అంటే ఎదుటివారికి జరిగే నష్టానికి ఇచ్చే బీమా, కొన్నప్పుడే కట్టాలి. సొంత బండికి జరిగే నష్టానికి ఇచ్చే బీమా మాత్రం సాధారణంగా ఏడాదికే ఉంటుంది. ఒకే కాగితంలో రెండు గడువులు ఉంటాయి. మొదటి ఏడాది అయ్యాక వచ్చే ఫోన్ కాల్స్, మెసేజీలు సొంత నష్టం బీమా గురించి. వాటిని పట్టించుకోకపోయినా నాలుగేళ్లు ఏ ఇబ్బందీ రాదు, ఎందుకంటే చట్టం అడిగే థర్డ్ పార్టీ బీమా అప్పటికి నడుస్తూనే ఉంటుంది. ఆ అలవాటులో అయిదో ఏడాది దాటిపోతుంది. అప్పటికి ఫైనాన్స్ వాయిదాలు కూడా తీరిపోయి ఉంటాయి కాబట్టి గుర్తు చేసేవాళ్లూ ఉండరు. చాలా పాలసీల్లో ఫోన్ నంబరు డీలరుదో ఏజెంటుదో రాసి ఉంటుంది. గడువు మెసేజ్ వాళ్లకే పోతుంది.

పాలసీ కాగితం తీసి ‘ఓన్ డ్యామేజ్’ అనే వరుసలో ఉన్న తేదీని కాక ‘లయబిలిటీ’ లేదా ‘థర్డ్ పార్టీ’ అనే వరుసలో ఉన్న ముగింపు తేదీని చూడాలి. కాగితం కనపడకపోతే mParivahan యాప్‌లో బండి నంబరు కొడితే బీమా ఏ తేదీ వరకు ఉందో వస్తుంది. పోలీసులు రోడ్డు మీద చూసేది కూడా ఈ వివరాన్నే. ఏజెంటు ఇచ్చిన కాగితంలో ఒక తేదీ, యాప్‌లో మరో తేదీ ఉంటే పాలసీ నంబరుతో నేరుగా కంపెనీని అడగాలి. నకిలీ పాలసీలు బయటపడేది ఇలాగే.

100, 110, 125 సీసీ బండ్లు 75 నుంచి 150 సీసీ తరగతిలోకి వస్తాయి. 2022 జూన్‌లో నిర్ణయించిన రేటు ప్రకారం వీటి థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 714 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 843. ఈ అంకె గుర్తుంచుకోవాలి. కింద వచ్చే లెక్కను దీనితోనే పోల్చాలి.

జరిమానా వరకు

మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ బీమా తప్పనిసరి అంటుంది. 196వ సెక్షన్ శిక్ష చెబుతుంది. మొదటిసారి 2,000 రూపాయలు లేదా మూడు నెలల వరకు జైలు లేదా రెండూ. మళ్లీ దొరికితే జరిమానా 4,000 అవుతుంది, జైలు పరిమితి అంతే. 2019 సవరణకు ముందు ఈ జరిమానా 1,000 ఉండేది. ఆచరణలో తనిఖీలో దొరికినవాళ్లు చలానా కట్టి బయటపడతారు.

ఈ సెక్షన్‌లో చాలామంది చూడని మాట ఒకటి ఉంది. బీమా లేని బండి నడిపినవాళ్లే కాదు, నడిపించినవాళ్లు, నడపనిచ్చినవాళ్లు కూడా నేరస్తులే. తాళాలు ఇచ్చి ఇంట్లో కూర్చున్న యజమాని కూడా ఈ లెక్కలోకి వస్తాడు. ఇంకొకటి, జరిమానా కడితే బండికి బీమా వచ్చినట్టు కాదు. చలానా కట్టిన రోజు సాయంత్రమే ప్రమాదం జరిగితే బాధ్యత ఏమాత్రం తగ్గదు.

చిన్నది, పెద్దది: చట్టం గీసిన గీత

రక్తం కారితే పెద్ద దెబ్బ, కారకపోతే చిన్న దెబ్బ అనుకోవడం సహజం. చట్టం గీత మరోచోట గీసింది. ఎముక విరిగినా, చిట్లినా, కీలు తప్పినా, చివరికి పన్ను విరిగినా అది తీవ్ర గాయమే. మోటారు వాహనాల చట్టం కూడా శిక్షాస్మృతిలోని ఈ నిర్వచనాన్నే తీసుకుంది. 164వ సెక్షన్ కింద తీవ్ర గాయమైతే రెండున్నర లక్షలు, మరణిస్తే అయిదు లక్షలు పరిహారంగా కోరవచ్చు. తప్పు ఎవరిదో నిరూపించాల్సిన పని లేదు. ఆ డబ్బు కట్టాల్సింది బండి యజమాని లేదా బీమా కంపెనీ. బీమా లేకపోతే ఇక యజమాని ఒక్కడే. సైకిల్ మీద నుంచి పడి ముంజేతి ఎముక చిట్లిన మనిషి ఆసుపత్రి నుంచి నడిచే ఇంటికి రావచ్చు. అయినా ఆ ప్రమాదం రెండున్నర లక్షల దాకా వెళ్లగలిగిందే.

తప్పు నిరూపించి పూర్తి పరిహారం కోరే దారి 166వ సెక్షన్. దానికి పై పరిమితి లేదు. ఆ లెక్క ఎలా పెరుగుతుందో ఊహించిన ఒక ఉదాహరణతో చూడటం తేలిక.

ఒక ఉదాహరణ, లెక్కతో సహా

కొత్తపేట వైపు ఒక కాలువ గట్టు రోడ్డు. 110 సీసీ మోటార్ సైకిల్, 2019 డిసెంబర్‌లో కొన్నది. అయిదేళ్ల బీమా 2024 డిసెంబర్‌లో తీరిపోయింది. 2025 నవంబర్‌లో ఒక సాయంత్రం యజమాని మేనల్లుడు ఆ బండి మీద వెళుతున్నాడు, అతనికి లైసెన్సు ఉంది. ఆరబోసిన ధాన్యాన్ని తప్పించబోయి ఎదురుగా వస్తున్న సైకిల్‌ను తగిలాడు. సైకిల్ మీద ఉన్నది కొబ్బరి వలుపు పని చేసే 42 ఏళ్ల మనిషి. మోకాలి కింద ఎముక విరిగింది. ప్లేటు వేశారు, నాలుగు నెలలు పనికి వెళ్లలేకపోయాడు. తరువాత కూడా ఎక్కువసేపు నిలబడితే నొప్పి.

వలుపు పని నిలబడి చేసేది, కాలి మీద బరువు మోపి చేసేది. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఇక్కడ కీలకమవుతుంది. డాక్టరు సర్టిఫికెట్‌లో వైకల్యం ఎంత శాతం అని కాక, ఆ వైకల్యం వల్ల ఆ మనిషి చేసే పనిలో సంపాదన ఎంత తగ్గిందో చూడాలి. ఇదే గాయం కుర్చీలో కూర్చుని రాసే గుమాస్తాకు తగిలితే సంపాదన నష్టం దాదాపు ఉండకపోవచ్చు. వలుపు కార్మికుడికి ట్రిబ్యునల్ 20 శాతం అని తేల్చింది అనుకుందాం.

నెలకు 12,000 సంపాదన అంటే ఏడాదికి 1,44,000. అందులో 20 శాతం 28,800. సొంతంగా పని చేసుకునేవారికి 40 నుంచి 50 ఏళ్ల మధ్య వయసైతే భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 25 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేథి తీర్పు చెప్పింది. అప్పుడు 36,000 అవుతుంది. 41 నుంచి 45 ఏళ్ల వయసుకు 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం ఏడాది నష్టాన్ని హెచ్చవేసే గుణకం 14. అంటే 5,04,000. దీనికి ఆసుపత్రి ఖర్చు 60,000, నాలుగు నెలల కూలి 48,000, నొప్పికీ బాధకూ 40,000, తోడు మనిషికీ రాకపోకలకూ 20,000 కలిపితే మొత్తం 6,72,000 రూపాయలు. పిటిషన్ వేసిన నాటి నుంచి వడ్డీ ఉంటుంది. ఏడున్నర శాతం చొప్పున రెండేళ్లకు 1,00,800. అంతా కలిపి 7,72,800.

కట్టని ప్రీమియం 843 రూపాయలు.

ఈ లెక్కలో ప్రతి అంకె దగ్గరా వాదనకు చోటుంది. సంపాదనకు కాగితాలు లేవని అనవచ్చు, అప్పుడు ట్రిబ్యునల్ కూలి రేట్లను బట్టి అంచనా వేస్తుంది. సైకిల్ మనిషి అడ్డంగా వచ్చాడని రుజువు చేస్తే అతని తప్పు మేరకు పరిహారం తగ్గుతుంది. కానీ ఈ వాదనలు చేయడానికి బీమా కంపెనీ లేదు. లాయరు ఫీజు కూడా యజమాని జేబులోంచే వెళ్లాలి.

మొదటి రోజు నుంచి ఏమి జరుగుతుంది

ప్రమాదం జరిగిన వెంటనే నడిపినవారి బాధ్యతలను 134వ సెక్షన్ చెబుతుంది. గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలి, వీలైనంత త్వరగా, 24 గంటల లోపు పోలీసులకు తెలియజేయాలి. బండి వదిలి పారిపోతే 187వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల జరిమానా అదనంగా వచ్చి చేరతాయి. బీమా లేదన్న భయంతో పారిపోవడం ఇక్కడ అన్నిటికంటే పెద్ద పొరపాటు. వైద్యం ఆలస్యమైతే గాయం ముదురుతుంది, దానితోపాటే పరిహారమూ పెరుగుతుంది.

ఆసుపత్రిలో ఇది మెడికో లీగల్ కేసుగా నమోదవుతుంది. పోలీసులు కేసు కడతారు. పైన చెప్పిన ఉదాహరణలో నడిపిన కుర్రాడి మీద భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్, తీవ్ర గాయానికి 125(బి) వస్తాయి. రెండో దానికి మూడేళ్ల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. బెయిలు దొరికే సెక్షన్లే. వీటికి తోడు 196 ఎలాగూ ఉంటుంది. క్రిమినల్ కోర్టులో కట్టిన జరిమానా పరిహారంలోంచి తగ్గదు, రెండూ వేరు వేరు దారులు.

బండి స్టేషన్‌లో ఉంటుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి పరీక్షించి రిపోర్టు ఇచ్చాక, బీమా ఉన్న బండి అయితే కోర్టు అనుమతితో తిరిగి ఇస్తారు. బీమా లేని బండికి ఈ దారి ఇరుకు. 2018లో ఉషా దేవి కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ తమ నిబంధనలు మార్చుకోమంది. మనిషికి గాయమైన ప్రమాదంలో బండికి బీమా లేకపోతే, పరిహారానికి తగిన హామీ చూపించేవరకు దాన్ని వదలకూడదు. మూడు నెలలు దాటితే వేలం వేసి ఆ డబ్బు ట్రిబ్యునల్‌లో జమ చేయాలి. 35,000 విలువ చేసే బండికి లక్షల్లో హామీ చూపాల్సి రావడం ఇందువల్లే.

ఇక పోలీసులు 48 గంటల్లో మొదటి నివేదికను, 90 రోజుల్లో పూర్తి నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. 2022 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. ఆ నివేదికనే పరిహార పిటిషన్‌గా తీసుకునే వీలు చట్టంలో ఉంది. ‘అతను కోర్టుకు వెళ్లడు, మనకు తెలిసినవాడే’ అన్న ధైర్యానికి ఇప్పుడు ఆధారం తక్కువ. గాయపడినవారు లాయరు దగ్గరకు వెళ్లకపోయినా కేసు మొదలు కావచ్చు.

ఊరి రాజీ ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ విఫలమవుతుంది

ఇలాంటి ప్రమాదాలు డెల్టా గ్రామాల్లో చాలావరకు పెద్దల మధ్య తేలుతాయి. ఆసుపత్రి ఖర్చు భరించి, కొంత సొమ్ము చేతిలో పెట్టి, వంద రూపాయల స్టాంపు కాగితం మీద ‘ఇక ఏ కేసూ పెట్టను’ అని రాయించుకుంటారు. ఇందులో మానవత్వం ఉంది, గాయపడిన ఇంటికి వెంటనే డబ్బు అందుతుంది. చట్టపరంగా మాత్రం ఆ కాగితానికి బలం తక్కువ. పోలీసులు కట్టిన కేసు దానితో దానంతట అది మూతపడదు. పరిహారం అడిగే హక్కును కూడా ఆ కాగితం కచ్చితంగా ఆపలేదు. గాయం మానక మరో ఆపరేషన్ అవసరమైతే కొన్ని నెలలకు పిటిషన్ రావచ్చు, అప్పుడు ఇచ్చిన సొమ్ముకు రుజువు కూడా లేకపోవచ్చు.

రాజీ పడేట్టయితే కేసు ట్రిబ్యునల్‌లోకి వచ్చాక లోక్ అదాలత్‌లో పడటం మేలు. అక్కడ ఇచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఆ లోపు ఇచ్చే ప్రతి రూపాయికీ బ్యాంకు బదిలీ, ఆసుపత్రి రసీదు ఉండాలి. వాటిని చూపితే ఆ మేరకు తగ్గించమని కోరవచ్చు.

ఇంకో సలహా కూడా ఇలాంటప్పుడు వినపడుతుంది: బీమా ఉన్న ఇంకో బండి నంబరు ఇచ్చేయమనో, లైసెన్సు ఉన్న ఇంకో మనిషిని ముందుకు తెమ్మనో. ఆసుపత్రి రిజిస్టర్‌లో మొదటి గంటలో రాసిన వివరం, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి మీద చూసిన దెబ్బలు, 48 గంటల నివేదిక, ఈ మూడూ సరిపోలకపోతే బీమా కంపెనీ పరిశోధకులు మొదట పట్టుకునేది అదే. అప్పుడు ప్రమాదం కేసు మోసం కేసవుతుంది. ప్రమాదం తరువాత హడావిడిగా ఆన్‌లైన్‌లో బీమా కొనడం కూడా ఇలాంటిదే. పాలసీ మీద మొదలయ్యే తేదీ, గంట, నిమిషం ఉంటాయి. అంతకు ముందు జరిగిన దానికి అది వర్తించదు. చాలా పాలసీలు అర్ధరాత్రి నుంచి మొదలవుతాయి కాబట్టి, తీరిపోయిన బీమాను పొద్దున కట్టి మధ్యాహ్నం బండి తీయడం కూడా ప్రమాదకరమే.

అమ్మేసిన బండి, మారని పేరు

పై ఉదాహరణలో ఒక్క మార్పు చేద్దాం. ఆ బండిని అసలు యజమాని 2022లోనే అమ్మేశాడు. డబ్బు తీసుకుని, సంతకం పెట్టిన ఫారాలు, సీ బుక్కు ఇచ్చేశాడు. కొన్నవారు పేరు మార్పించుకోలేదు. ఇప్పుడు ట్రిబ్యునల్ నోటీసు ఎవరికి వస్తుంది?

అమ్మేసిన వ్యక్తికే. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేటగా చెప్పింది. చట్టంలో యజమాని అంటే రిజిస్ట్రేషన్‌లో పేరున్న వ్యక్తి. గాయపడినవారు బండి ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదు. బండిని మూడేళ్లుగా చూడని మనిషి మీద ఏడున్నర లక్షల అవార్డు రావచ్చు. కట్టాక కొన్నవాళ్ల మీద వేరే దావా వేసుకోవాలి.

అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో ఆర్టీవోకు తెలియజేయాలని 50వ సెక్షన్ చెబుతుంది. ఆ పని కొన్నవాళ్లకు వదిలేయకుండా అమ్మినవారే చేసి, యాప్‌లో కొత్త పేరు కనపడేవరకు అమ్మకం పూర్తి కానట్టే చూసుకోవాలి.

వసూలు ఎలా జరుగుతుంది

అవార్డు వచ్చాక 30 రోజుల్లో డబ్బు జమ చేయాలి. చేయకపోతే 174వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ కలెక్టర్‌కు సర్టిఫికెట్ పంపవచ్చు. అక్కడి నుంచి అది శిస్తు బకాయిలా వసూలవుతుంది. తహశీల్దారు కార్యాలయం నోటీసు ఇస్తుంది, కట్టకపోతే జప్తు. అరెకరం వరి చేను, ఇంటి వెనుక కొబ్బరి తోట కూడా ఇందులోకి వచ్చేవే. నడిపినవారూ యజమానీ ఇద్దరూ బాధ్యులే కాబట్టి ఆస్తి ఎవరి పేరున ఉంటే వాళ్ల దగ్గరే మొత్తం వసూలు చేసే వీలుంది. ఉదాహరణలో మేనల్లుడికి ఏమీ లేకపోతే మొత్తం భారం మామదే. ఆయన పోయినా ఆయన వదిలిన ఆస్తి మేరకు వారసుల దగ్గర వసూలు ఆగదు.

నోటీసు వచ్చినప్పుడు చాలామంది చేసే తప్పు కోర్టుకు వెళ్లకపోవడం. బీమా ఉన్న కేసులో యజమాని రాకపోయినా కంపెనీ వాదిస్తుంది, ఆ అలవాటు ఇక్కడికీ వస్తుంది. మూడో ప్రతివాది లేనప్పుడు హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీగా, అంటే ఒక పక్షం వాదన మాత్రమే విని, తేలుస్తారు. అడిగిన సంపాదన, అడిగిన వైకల్యం శాతం ఎవరూ ప్రశ్నించకుండానే లెక్కలోకి వెళతాయి. పై ఉదాహరణలో వైకల్యాన్ని 20కి బదులు 30 శాతంగా తీసుకుంటే ఒక్క ఆ అంకె వల్లే 2,52,000 రూపాయలు పెరుగుతాయి. లాయరు ఫీజు కట్టలేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు, అర్హత ఉంటే ఉచితంగా లాయరును ఇస్తారు.

అవార్డు మీద 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు వెళ్లవచ్చు. అందుకు ముందు 25,000 రూపాయలు లేదా అవార్డులో సగం, ఏది తక్కువైతే అది జమ చేయాలి. వివాదంలో ఉన్న సొమ్ము లక్ష రూపాయల లోపైతే అప్పీలే ఉండదు.